దద్దుర్లు లేచినప్పుడు పెదవుల వైపు చూడండి



పావుగంట క్రితం వరకు వాకిట్లో ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి ఒళ్ళు గోక్కోవడం మొదలుపెడతాడు. చొక్కా విప్పి చూస్తే కడుపు మీద, వీపు మీద, తొడల మీద పెద్ద దోమ కుట్టినట్టు ఎర్రని పొంగులు కనిపిస్తాయి. తల్లి చూస్తుండగానే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి అరచేయంత అవుతాయి. ఇరుగుపొరుగు వారు చేరి తలా ఒక మాట చెబుతారు. ఒకరు గొంగడితో రుద్దమంటారు, ఒకరు వేడినీళ్ళు పొయ్యమంటారు, ఇంకొకరు వెంటనే సూది వేయించమంటారు. ఆ తల్లికి ఎవరి మాట వినాలో తోచదు.

వీటినే దద్దుర్లు అంటాము. మన పల్లెల్లో దద్దులు అని కూడా అంటారు. సుమారు అయిదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇవి వస్తాయి. నూటికి ఎక్కువ మందిలో ఇవి చర్మం దాటి లోపలికి పోవు; తడిబట్ట, ఒక చిన్న మాత్ర, కాస్త ఓపిక ఉంటే సర్దుకుంటాయి. అయితే కొద్దిమందిలో ఇవే దద్దుర్లు ఒక పెద్ద ప్రమాదానికి మొదటి గుర్తుగా వస్తాయి. ఆ రెంటికీ తేడాను ఇంట్లో ఉన్నవారే, మొదటి గంటలోనే కనిపెట్టాలి. జనగామ జిల్లా కొడకండ్ల వంటి మండలంలో పెద్దాసుపత్రి చెంతనే ఉండదు. జనగామకో, తొర్రూరుకో, వరంగల్‌లోని ఎం.జి.ఎం.కో చేరేలోపు గడిచే సమయమంతా ఇంటివారి చేతిలోనే ఉంటుంది. గనుక ఆ సమయంలో ఏమి చూడాలో, ఏమి చేయాలో ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

దద్దు ఎలా లేస్తుంది?

మన చర్మం కింద సన్నని రక్తనాళాల పక్కన కొన్ని ప్రత్యేకమైన కణాలు ఉంటాయి. వాటిని మాస్ట్ కణాలు అంటారు. అవి హిస్టమిన్ అనే పదార్థాన్ని మూటలు కట్టి దాచుకొని ఉంటాయి. శరీరానికి పడనిది ఏదైనా తగిలినప్పుడు ఆ మూటలు తెగుతాయి. బయటకు వచ్చిన హిస్టమిన్ వల్ల నరాలు దురదపెడతాయి, సన్నని రక్తనాళాలు వెడల్పయి వాటిలోని నీరు చర్మంలోకి ఊరుతుంది. అలా ఊరిన నీరే పొంగు. అందుకే దద్దులో చీము ఉండదు, నీటిబుడగ ఉండదు, పైన పొట్టు లేవదు. వేలితో నొక్కితే ఎరుపు పోయి తెల్లబడి, వేలు తీయగానే మళ్ళీ వస్తుంది.

నిజమైన దద్దుర్లను గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఒక దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన గంట రాసిపెట్టండి. దద్దు అయితే కొన్ని గంటల్లో ఆ గీత లోపల చర్మం మామూలుగా అయిపోతుంది, ఇంకోచోట కొత్తది లేస్తుంది. ఒక్కొక్క దద్దు 24 గంటలకు మించి అదే చోట నిలవదు. నిలిచినా, దురద కంటే నొప్పి, మంట ఎక్కువగా ఉన్నా, తగ్గాక కమిలిన మచ్చ మిగిలినా అది వేరే జబ్బు కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించాలి.

పిల్లల్లో దద్దుర్లకు అన్నిటికంటే సాధారణమైన కారణం జలుబు, జ్వరం తెచ్చే వైరస్‌లు. చాలామంది తల్లులు నిన్న తిన్న వంకాయనో, మొన్న తిన్న గుడ్డునో అనుమానించి పిల్లలకు తిండి తగ్గిస్తారు. నిజానికి తిండి వల్ల వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపలే కనబడతాయి. నిన్నటి కూరను ఈ రోజు దద్దుర్లకు కారణం చేయనవసరం లేదు. పెద్దవారిలో నొప్పుల మాత్రలు, యాంటీబయాటిక్ మందులు, చేపలు, రొయ్యలు, తేనెటీగలు, కందిరీగలు ఎక్కువగా కారణమవుతాయి. చాలాసార్లు ఎంత వెదికినా కారణం దొరకదు. దొరకకపోయినా చికిత్స మారదు.

తడిబట్ట వేసే పద్ధతి

దద్దుర్లకు వేడి శత్రువు. వేడినీళ్ళ స్నానం, పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం, దుప్పటి కప్పి చెమట పట్టించడం, గొంగడితో రుద్దడం, ఇవన్నీ రక్తనాళాలను ఇంకా వెడల్పు చేస్తాయి. రుద్దిన చోట మాస్ట్ కణాలు మరింతగా తెగి కొత్త దద్దులు లేస్తాయి. రుద్దిన కాసేపు హాయిగా అనిపించడం నిజమే గాని, పది నిమిషాలకు దురద ముందుకంటే ఎక్కువవుతుంది.

చల్లదనం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. అది రక్తనాళాలను ముడుచుకునేటట్టు చేస్తుంది, దురద మోసే నరాలను కాసేపు మొద్దుబారుస్తుంది. ఉతికిన మెత్తని నూలుబట్టను, పాత పంచె ముక్కయినా సరే, కుండలోని చల్లని నీళ్ళలో ముంచి, నీరు కారకుండా పిండి, దురద ఎక్కువగా ఉన్న చోట పరచండి. 10 నుండి 15 నిమిషాలు ఉంచండి. బట్ట వెచ్చబడితే మళ్ళీ ముంచండి. తీసిన తరువాత తుడవకుండా గాలికి ఆరనివ్వండి. గంటకొకసారి ఇలా చేయవచ్చు. పసిపిల్లలకైతే ఒళ్ళంతా ఒకేసారి తడిబట్ట చుట్టకూడదు, చలికి వణుకుతారు. ఒక చేయి, ఒక కాలు, కొంచెం వీపు, ఇలా విడివిడిగా వేయాలి.

మంచుగడ్డను నేరుగా చర్మానికి ఆనించవద్దు. అలాగే కొందరికి చల్లదనం వల్లనే దద్దుర్లు వస్తాయి. చెరువులో దిగినప్పుడో, చల్లగాలికో ఒళ్ళు పొంగే అలవాటు ఉన్నవారికి తడిబట్ట వాడకూడదు. మిగతా వారికి వదులైన నూలుబట్టలు తొడిగి, గోళ్ళు కత్తిరించి, గాలి ఆడే చోట పడుకోబెడితే చాలు. కలమైన్ లోషన్ పూయవచ్చు. పసుపు, సున్నం, ఆవనూనె వంటివి పూస్తే చర్మం మండడమే గాక, దద్దుర్లు ఎలా మారుతున్నాయో కనబడకుండా పోతుంది.

ఏ మాత్ర, ఎంత?

దద్దుర్లకు వాడే మందులను యాంటీహిస్టమిన్లు అంటారు. పేరులోనే వాటి పని ఉంది. హిస్టమిన్ వచ్చి అంటుకునే చోట ఇవి ముందుగా కూర్చుంటాయి. 1937లో డానియేల్ బోవే అనే శాస్త్రవేత్త పారిస్‌లో మొదటి యాంటీహిస్టమిన్‌ను కనుగొన్నాడు. ఆయనకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు మన మందుల షాపుల్లో దొరికే వాటిలో ఇంటికి తగినది సెటిరిజిన్.

పెద్దవారికి సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఒకటి. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు 5 మిల్లీగ్రాములు ఉదయం, 5 మిల్లీగ్రాములు రాత్రి. 2 నుండి 6 ఏళ్ళ పిల్లలకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు. పిల్లల సిరప్ సాధారణంగా 5 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు ఉండేటట్టు వస్తుంది గనుక 2.5 మిల్లీలీటర్లు అంటే 2.5 మిల్లీగ్రాములే. అయినా సీసా మీద రాసినది ఒకసారి చూసి, సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి. ఇంటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. 2 ఏళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డాక్టరును అడగకుండా వేయవద్దు.

మాత్ర వేసిన వెంటనే దురద తగ్గదు. పనిచేయడం మొదలవడానికి అరగంట నుండి గంట పడుతుంది. ఈ సంగతి తెలియక కొందరు పదినిమిషాలకే రెండో మాత్ర, మరో పావుగంటకు మూడోది వేస్తారు. ఆ పని చేయకూడదు. ఉన్న దద్దులు మాయమైనా మరుసటి రోజు కొత్తవి లేవవచ్చు గనుక మందును కొద్ది రోజులు రోజుకొకసారి కొనసాగించడం మంచిది. ఎక్కువమందిలో వారం, రెండు వారాల్లో దద్దుర్లు రావడం మానేస్తాయి. ఆరు వారాలు దాటినా వస్తూనే ఉంటే దానిని దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. అందుకు చర్మవైద్యుని సలహా కావాలి.

అవిల్, సి.పి.ఎం. అనేవి పాతకాలపు యాంటీహిస్టమిన్లు. అవి కూడా దురద తగ్గిస్తాయి గాని బాగా నిద్ర పట్టిస్తాయి. సెటిరిజిన్ కూడా కొందరికి మత్తు కలిగిస్తుంది. మందు వేసుకున్నవారు ఆ పూట ట్రాక్టరు, మోటారు సైకిలు నడపకూడదు, తాటిచెట్టు ఎక్కకూడదు, కల్లు, సారా ముట్టకూడదు.

మొదటి రెండు గంటల కాపలా

ఇంతవరకు చెప్పినది చర్మానికి సంబంధించినది. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

మాస్ట్ కణాలు చర్మంలోనే కాదు, పెదవుల్లో, నాలుకలో, గొంతులో, ఊపిరితిత్తుల గొట్టాల్లో, పేగుల్లో, రక్తనాళాల గోడల పక్కన కూడా ఉంటాయి. చర్మంలో మూటలు తెగినట్టే అక్కడ కూడా ఒకేసారి తెగితే, వీపు మీద పొంగు లేచినట్టే గొంతులోనూ పొంగు లేస్తుంది. వీపు మీది పొంగు దురద మాత్రమే పెడుతుంది. గొంతులోని పొంగు ఊపిరి దారిని మూసేస్తుంది. రక్తనాళాలన్నీ వెడల్పయితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలుతాడు. ఈ స్థితిని అనఫిలాక్సిస్ అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు 1902లో దీనికి ఈ పేరు పెట్టారు.

పెదవి, కంటిరెప్ప మాత్రమే వాచి, ఇంకేమీ కాకుండా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయేవారూ ఉన్నారు. కాని పెదవి వాపు మొదలైన ఆ నిమిషంలో అది అక్కడే ఆగుతుందో, నాలుకకు, గొంతుకు పాకుతుందో ఎవరూ చెప్పలేరు. డాక్టరు కూడా దగ్గర ఉంచుకొని చూస్తేనే గాని చెప్పలేడు. అందుకే దద్దుర్లతో పాటు పెదవి వాచితే దానిని అత్యవసరంగానే ఎంచాలి. ఆగిపోతుందేమో చూద్దామని ఇంట్లో కూర్చుంటే, ఆగకపోయిన రోజున సమయం ఉండదు.

గనుక దద్దుర్లు లేచిన మొదటి రెండు గంటలు రోగిని ఒంటరిగా విడిచిపెట్టవద్దు. ముఖ్యంగా మాత్ర వేసుకున్నాక, సూది వేయించుకున్నాక, ఏదైనా తిన్నాక, తేనెటీగ కుట్టాక వచ్చిన దద్దుర్లు అయితే పది నిమిషాలకొకసారి దీపం వెలుగులో చూడండి. పెదవులు, నాలుక లావెక్కాయా? గొంతు బొంగురుపోయిందా, మాట ముద్దగా వస్తోందా, ఉమ్మి మింగలేకపోతున్నాడా? దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉన్నాయా? ఆగకుండా వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉన్నాయా? కళ్ళు తిరుగుతున్నాయా, ఒళ్ళు చల్లబడి చెమటలు పడుతున్నాయా? చంటిపిల్లవాడైతే ఉన్నట్టుండి వాడిపోయి మెడ వాల్చేశాడా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది చర్మవ్యాధి స్థాయి దాటిపోయింది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: కొందరిలో దద్దుర్లు అసలు లేకుండానే ఈ లక్షణాలు వస్తాయి. తేనెటీగలు కుట్టిన కాసేపటికే మనిషి తూలిపోతే, ఒంటి మీద దద్దు లేదు గదా అని ధైర్యపడకూడదు.

ఒక సాయంత్రం లెక్క

వివరంగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఇది ఎవరి ఇంట్లోనో జరిగిన కథ కాదు. అయితే ఇలాంటివి పల్లెల్లో జరిగే తీరు ఇదే.

కొడకండ్ల మండలంలోని ఒక పల్లెలో 45 ఏళ్ళ రైతు పత్తి చేను నుండి వచ్చి, మోకాళ్ళ నొప్పికి కిరాణా దుకాణంలో దొరికిన డైక్లోఫినాక్ మాత్ర సాయంత్రం 6.30కు వేసుకున్నాడనుకుందాం. పోయిన ఏడాది ఇదే మాత్రకు కొంచెం దురద వచ్చి పోయింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 6.45కు అరచేతులు, అరికాళ్ళు దురద పెట్టసాగాయి. 6.55కు మెడ, చంకలు, వీపు అంతా దద్దుర్లు. భార్య తడిబట్ట వేసి, ఇంట్లో ఉన్న సెటిరిజిన్ ఒకటి ఇచ్చింది. ఇంతవరకు ఆమె చేసినది సరియైనదే.

7.05కు అతడు "పెదవి మందమైనట్టున్నది" అన్నాడు. దీపం దగ్గర చూస్తే కింది పెదవి పొంగి ఉంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు మాటిమాటికి సవరించుకుంటున్నాడు. ఒక వాంతి కూడా అయింది.

సెటిరిజిన్ వేసి పది నిమిషాలే అయింది, అది పనిచేసేదాకా చూద్దాం అనిపించడం సహజం. కాని ఆ మాత్ర పనిచేసే వేళకు గంట కావచ్చు; గొంతు మూసుకుపోవడానికి అంత సేపు పట్టకపోవచ్చు. గనుక 7.05కే 108కు ఫోను చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ నేడు తెలంగాణ పల్లెలన్నిటికీ ఉచితం. ఫోనులో ఊరు, మండలం, ఇంటికి దగ్గరి గుర్తు చెప్పి, "మాత్ర వేసుకున్న అరగంటకు ఒళ్ళంతా దద్దుర్లు లేచినవి, పెదవి వాచింది, గొంతు పట్టేసింది" అని స్పష్టంగా చెప్పాలి. ఒంటికి దురద వచ్చిందని మాత్రమే చెబితే అవతలి వారికి తొందర అర్థం కాదు.

బండి వచ్చేలోపు అతణ్ణి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచాలి. ఆయాసం వల్ల పడుకోలేకపోతే గోడకు ఆనించి, కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి. వాంతి అవుతున్నా, స్పృహ తప్పుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గర్భిణిని ఎడమ పక్కకు తిప్పాలి. నీళ్ళు, మజ్జిగ, ఇంకో మాత్ర, ఏదీ నోట్లో వేయకూడదు; వాచిన గొంతులో అది అడ్డుపడుతుంది. తేనెటీగ కుట్టిన మనిషి అయితే చర్మంలో మిగిలిన ముల్లును వెంటనే తీసివేయాలి. ఎలా తీశారన్నది కాదు, ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం.

ఇక్కడే మన పల్లెల్లో జరిగే రెండు పొరపాట్లు చెప్పుకోవాలి. మొదటిది మోటారు సైకిలు. రోగిని ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి తీసుకుపోతారు. రక్తపోటు పడిపోయిన మనిషిని నిలబెట్టినా, నడిపించినా, నిటారుగా కూర్చోబెట్టినా గుండెకు చేరే రక్తం ఒక్కసారిగా తగ్గిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అనఫిలాక్సిస్‌తో చనిపోయినవారిలో కొందరు లేచి నిలబడిన ఆ కొద్ది నిమిషాల్లోనే పోయినట్టు వైద్యులు గమనించారు. 108 రావడం ఆలస్యమవుతుందని తెలిస్తే, పడుకోబెట్టే వీలున్న కారులోగాని, ఆటోలోగాని, ట్రాలీలోగాని అతి దగ్గరి సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి. ముందే ఫోను చేసి చెబితే వారు మందు సిద్ధంగా ఉంచుతారు. ప్రార్థన చేయగోరేవారు బండిలోనే, దారిలోనే చేయవచ్చు. బయలుదేరడం మాత్రం ఆగకూడదు.

రెండవ పొరపాటు సూది విషయంలో జరుగుతుంది.

అవిల్ సూది కాదు, అడ్రినలిన్

దద్దుర్లు రాగానే ఊళ్ళో వైద్యుని దగ్గర ఒక అవిల్, ఒక స్టెరాయిడ్ సూది వేయించుకోవడం మనకు అలవాటు. వట్టి దద్దుర్లకు అది నడిచిపోతుంది. కాని పెదవి వాచి, గొంతు పట్టేసిన మనిషికి ఆ రెండు సూదులూ ప్రాణం నిలపలేవు. అవిల్ హిస్టమిన్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. అనఫిలాక్సిస్‌లో హిస్టమిన్‌తో పాటు ఇంకా ఎన్నో పదార్థాలు విడుదలవుతాయి. స్టెరాయిడ్ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. అన్నిటికంటే మోసం ఏమిటంటే, అవిల్ వేయగానే దురద తగ్గి, మత్తు వచ్చి మనిషి కళ్ళు మూస్తాడు. ఇంటివారు నెమ్మదించాడని సంతోషిస్తారు. లోపల గొంతు వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ స్థితిలో పనిచేసే మొదటి మందు ఒక్కటే. దాని పేరు అడ్రినలిన్. ఇది వెడల్పయిన రక్తనాళాలను బిగించి రక్తపోటు నిలబెడుతుంది, గొంతు వాపును తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా తెగకుండా ఆపుతుంది. నాలుగు పనులూ నిమిషాల్లోనే మొదలవుతాయి. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే చిన్న గాజు ఆంపూల్‌గా ఇది దొరుకుతుంది. పెద్దవారికి అందులో సగం, అంటే అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు మధ్యభాగంలో కండలోకి వేస్తారు. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు 0.3 మిల్లీలీటరు, 6 ఏళ్ళ లోపు వారికి 0.15 మిల్లీలీటరు వరకు వేస్తారు. అయిదు నిమిషాల్లో గుణం కనబడకపోతే మళ్ళీ వేస్తారు. ఇది ఇంట్లో వేసుకునే సూది కాదు, ఆరోగ్య సిబ్బంది వేయవలసినది. అయినా మీకు ఈ వివరం ఎందుకు చెబుతున్నామంటే, మీరు గట్టిగా అడగగలగాలి. "గొంతు పట్టేసింది, అడ్రినలిన్ తొడకు వేయండి" అని ఒక్క మాట అనడం ఇంటివారికి తెలిసి ఉండాలి. ఆ సూది తరువాత గుండె దడదడలాడి, చేతులు వణికి, ముఖం పాలిపోవచ్చు. అది మందు గుణమే, కాసేపటికి తగ్గుతుంది.

పిల్లలకు టీకాలు వేసే ఏ.ఎన్.ఎం.ల దగ్గర కూడా ఇదే మందు ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమనడం ఇందుకే. ఆ అరగంట ఆగకుండా చంటిబిడ్డను ఎత్తుకొని పనికి పోవద్దు.

మన ఉదాహరణలోని రైతుకు దారిలో 108 సిబ్బంది గాని, దవాఖానలో గాని అడ్రినలిన్ వేస్తే పది, పదిహేను నిమిషాల్లో గొంతు తెరుచుకొని మాట స్పష్టమవుతుంది. అప్పుడు "బాగయింది, ఇంటికి పోదాం" అనడం ఇంకొక ప్రమాదం. కొందరిలో తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తరువాత, కొత్తగా ఏమీ తినకుండానే, మళ్ళీ తిరగబెడతాయి. కనీసం ఆరు గంటలైనా దవాఖానలో ఉండడం మంచిది; తీవ్రంగా వచ్చినవారిని, ఇల్లు దూరమైనవారిని డాక్టరు రాత్రంతా ఉంచమంటాడు. ఆ మాట వినాలి.

తరువాత ఇంట్లో చేయవలసినది

వేసుకున్న మాత్ర రేకును పారేయకుండా దవాఖానకు తీసుకుపోవాలి. వచ్చాక ఒక నోటు పుస్తకంలో తేదీ, గంట, వేసుకున్న మందు పేరు, తిన్నది, కుట్టినది, ఎంతసేపటికి దద్దుర్లు లేచాయి, పెదవి వాచిందా లేదా అనేవి రాసిపెట్టండి. మన రైతుకు డైక్లోఫినాక్ పడదని తేలితే, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి ఇతర నొప్పి మందులు కూడా పడకపోవచ్చు. అవి వేరే రంగులో, వేరే పేరుతో వచ్చే మాత్రలు గనుక దుకాణంలో పేరు అడగకుండా ఏదీ వేసుకోకూడదు. వాడదగినది ఏదో డాక్టరే చెప్పాలి. నొప్పులకు సూది వేసేముందు ఊళ్ళో వైద్యునికి కూడా ఆ కాగితం చూపించాలి. మొదటిసారి దురదతో పోయినది రెండవసారి పెదవి దాకా వచ్చింది; మూడవసారి ఎంత దూరం వస్తుందో చూడనక్కరలేదు.

పెద్దవారున్న ఇళ్ళలో మరొక సంగతి తెలిసి ఉండాలి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే మాత్రల వల్ల కొందరికి దద్దుర్లు, దురద ఏమీ లేకుండానే పెదవులు, నాలుక వాస్తాయి. మాత్ర మొదలుపెట్టిన నెలలకు, ఏళ్ళకు కూడా ఇది రావచ్చు. ఈ వాపుకు హిస్టమిన్ కారణం కాదు గనుక సెటిరిజిన్ గాని, అవిల్ గాని పనిచేయవు. అవ్వకో, తాతకో తెల్లవారేసరికి నాలుక మందమైతే బి.పి. మాత్రల రేకు చేతపట్టుకొని వెంటనే దవాఖానకు పోవాలి. ఆ మాత్ర ఇక వేయకూడదు. దాని బదులు ఏది వాడాలో డాక్టరు రాసిస్తాడు.

ఒంటి మీద మాత్రమే దద్దుర్లు ఉండి, పిల్లవాడు ఆడుతూ, మాట్లాడుతూ, అన్నం తింటూ ఉంటే తడిబట్ట, సెటిరిజిన్ చాలు. ఆ పూట రెండు గంటలు కనిపెట్టి ఉండండి, రాత్రి పక్కనే పడుకోండి. పెదవి లావెక్కినా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా పడుకోబెట్టి 108కు ఫోను చేయండి, అడ్రినలిన్ అడగండి. ఈ నాలుగు మాటలు, ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో ఆ పేరుతో సహా, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మందుల డబ్బా మూతకు లోపలి వైపు అంటించండి. దద్దుర్లు లేచిన రాత్రి ఇంట్లో ఎవరున్నా ముందుగా తెరిచేది ఆ డబ్బానే.